హద్దుగీత చరిత్ర: నియంత్రణ పటంలో సాధారణ, ప్రత్యేక కారణాల వివేచన

వ్యాససంగ్రహం:
ఒకే యంత్రం, ఒకే ముడిసరుకు, ఒకే పనివాడు ఉన్నా రెండు వస్తువులు అచ్చంగా ఒకేలా తయారుకావు. ఆ తేడాలలో ఏది పట్టించుకోదగినది, ఏది పట్టించుకోకూడనిది అనే ప్రశ్నకు 1924లో వాల్టర్ షూహార్ట్ ఒక పటం రూపంలో సమాధానం చెప్పాడు. ఆ పటంలోని హద్దుగీతలు ఎక్కడినుంచి వచ్చాయి, వాటిని ఎలా చదవాలి, ఎలా చదివితే పొరపాటు అవుతుంది అనే విషయాలను షూహార్ట్ స్వయంగా ప్రచురించిన కొలతల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హద్దుల విలువ వాటి వెడల్పులో కన్నా, వాటిని ఏ హెచ్చుతగ్గులనుంచి లెక్కకట్టారన్న దానిలోనే ఉందని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: నియంత్రణ పటం, షూహార్ట్, సాధారణ కారణాలు, ప్రత్యేక కారణాలు, వ్యాప్తి, ఉపసమూహం.

1. ఉపోద్ఘాతం

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాలలో అమెరికాలోని బెల్ టెలిఫోన్ వ్యవస్థకు కావలసిన పరికరాలను వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ తయారుచేసేది. షికాగో పక్కన సిసెరోలో ఉన్న హాథార్న్ కార్ఖానా ఆ సంస్థకు ప్రధాన ఉత్పత్తి కేంద్రం. టెలిఫోన్ వ్యవస్థలో ఒక భాగం మరొక భాగంతో సరిగ్గా కలిసి పనిచేయాలి. అందుచేత వేలకొద్దీ తయారయ్యే ప్రతి భాగమూ ఒకే తీరుగా ఉండడం అక్కడ వ్యాపార అవసరం. ఆనాడు ఆ ఏకరూపతను సాధించడానికి ఉన్న ప్రధాన సాధనం తనిఖీ. తయారైన సరుకును పరీక్షించి, పనికిరానిదాన్ని పక్కకు తీసేవారు. తనిఖీ చెడ్డ సరుకును బయటపెట్టగలదు కాని, అది ఎందుకు చెడిందో చెప్పలేదు.

భౌతికశాస్త్రంలో బర్క్‌లీలో డాక్టరేట్ పొందిన వాల్టర్ షూహార్ట్ (1891-1967) 1918లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఇంజనీరింగ్ విభాగంలో చేరాడు. 1924 మే 16న ఆయన తన పై అధికారి జార్జ్ ఎడ్వర్డ్స్‌కు ఒక చిన్న లేఖ పంపాడు. అది ఒక పుటకు మించినది కాదు. అందులో కొంత భాగం ఒక పటమే ఆక్రమించింది. మధ్యలో ఒక గీత, దానికి పైనా కిందా రెండు హద్దుగీతలు, కాలక్రమంలో గుర్తించిన చుక్కలు. నేడు ప్రపంచమంతటా కంట్రోల్ చార్ట్ అని వ్యవహరించే నియంత్రణ పటానికి అదే మూలరూపం. 1925లో బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలు ఏర్పడినప్పుడు షూహార్ట్ అక్కడికి మారాడు. 1931లో వెలువడిన ఆయన ఉద్గ్రంథం ఈ పద్ధతికి సిద్ధాంత రూపాన్నిచ్చింది.

2. రెండు తప్పులు

షూహార్ట్ ఆలోచనకు పునాది ఒక విభజన. ఉత్పత్తిలో కనిపించే హెచ్చుతగ్గులకు రెండు రకాల కారణాలుంటాయని ఆయన ప్రతిపాదించాడు. మొదటి రకం కారణాలు లెక్కకు మించి ఉంటాయి. ఒక్కొక్కటి స్వల్పమైనది. గదిలోని ఉష్ణోగ్రత కొద్దిగా మారడం, ముడిసరుకులో సహజంగా ఉండే తేడాలు, యంత్రపు కంపనం వంటివి ఇందులో చేరతాయి. అవన్నీ ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి, వాటి ఉమ్మడి ఫలితం ఒక స్థిరమైన పరిధిలో ఊగిసలాడుతుంది. వీటిని ఆయన యాదృచ్ఛిక కారణాలన్నాడు. రెండో రకం కారణాలు అప్పుడప్పుడు బయటినుంచి వచ్చిపడేవి. కొత్తగా వచ్చిన నాసిరకం సరుకు, అరిగిపోయిన పనిముట్టు, కొలత పరికరంలో వచ్చిన లోపం వంటివి. వెతికితే దొరికేవి కనుక వీటికి ఆయన నిర్ధారించదగిన కారణాలని పేరుపెట్టాడు.

తరువాతి కాలంలో డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ డెమింగ్ ఈ రెండింటినీ సాధారణ కారణాలు, ప్రత్యేక కారణాలు అనే మాటలతో ప్రచారంలోకి తెచ్చాడు. ఈ పేర్ల మార్పులో ఒక అర్థభేదం ఉంది. షూహార్ట్ పేర్లు కారణం దొరుకుతుందా, దొరకదా అనే విషయాన్ని చెబుతాయి. డెమింగ్ పేర్లు ఆ కారణం ఎవరి బాధ్యత అనే విషయాన్ని ముందుకు తెస్తాయి. సాధారణ కారణం మొత్తం ఉత్పత్తి వ్యవస్థకు చెందినది. దాన్ని తగ్గించాలంటే యాజమాన్యం వ్యవస్థనే మార్చాలి. ప్రత్యేక కారణాన్ని మాత్రం ఆ యంత్రం దగ్గర, ఆ సమయంలో ఉన్నవారు కనిపెట్టగలరు.

ఈ విభజననుంచి రెండు తప్పులు పుట్టుకొస్తాయి. ప్రత్యేక కారణం వల్ల వచ్చిన తేడాను మామూలేలే అని వదిలేయడం ఒకటి. మామూలు తేడాకు ప్రత్యేక కారణం ఉందని భ్రమపడి యంత్రాన్ని సవరించడం రెండోది. మొదటి తప్పు వల్ల కలిగే నష్టం అందరికీ తెలిసినదే. రెండో తప్పు శ్రద్ధలా కనిపిస్తుంది కాబట్టి దాని నష్టం కనబడదు.

ఒక యంత్రం స్థిరంగా పనిచేస్తోందనుకుందాం. తయారైన ప్రతి వస్తువూ లక్ష్యానికి కొంచెం ఎక్కువగానో, తక్కువగానో వస్తుంది. ఒక వస్తువు ఎంత ఎక్కువ వస్తే, యంత్రాన్ని అంతే వెనక్కు తిప్పే శ్రద్ధాళువైన పనివాడు అక్కడ ఉన్నాడు. ఇప్పుడు తరువాతి వస్తువులో రెండు తేడాలు కలుస్తాయి. దాని సొంత యాదృచ్ఛికమైన తేడా ఒకటి, అంతకుముందు వస్తువు తేడాను తిరగవేయడం వల్ల చేరినది మరొకటి. ఈ రెండూ పరస్పరం సంబంధం లేనివి కనుక మొత్తం విస్తృతి రెట్టింపవుతుంది. ప్రామాణిక విచలనం సుమారు 1.41 రెట్లవుతుంది. గరాటు గుండా గోళీలను ఒక గుర్తుమీదికి జారవిడిచే ప్రయోగంతో డెమింగ్ ఈ సంగతినే ప్రదర్శించేవాడు. గరాటును కదపకుండా ఉంచినప్పటి కన్నా, గోళీ గురితప్పిన ప్రతిసారీ సవరించినప్పుడే గోళీలు ఎక్కువగా చెల్లాచెదరయ్యేవి. డెమింగ్ 1925, 1926 వేసవులలో హాథార్న్‌లో పనిచేసినవాడు కావడం ఇక్కడ గమనించదగిన విషయం.

రెండు తప్పులనూ పూర్తిగా తొలగించడం సాధ్యంకాదు. ఎప్పుడూ సవరించకపోతే రెండో తప్పు జరగదు, కాని మొదటిది తప్పదు. ప్రతిసారీ సవరిస్తే మొదటిది జరగదు, రెండోది ప్రతిరోజూ జరుగుతుంది. ఈ రెండింటి వల్ల కలిగే మొత్తం నష్టాన్ని తగ్గించే చోట గీయవలసినదే షూహార్ట్ హద్దుగీత.

3. 204 కొలతలు

1931 గ్రంథంలో షూహార్ట్ ఇచ్చిన ఒక ఉదాహరణ ఈ పద్ధతిని అర్థం చేసుకోవడానికి నేటికీ ఉత్తమమైనది. అది ఒక విద్యుద్బంధక పదార్థపు నిరోధాన్ని మెగా ఓమ్‌లలో కొలిచిన 204 విలువల పట్టిక. వాటిని వరుసక్రమంలో నాలుగేసి చొప్పున విభజిస్తే 51 ఉపసమూహాలు ఏర్పడతాయి. వాటిలో మొదటి 5 ఇవి:

మొదటిది: 5045, 4350, 4350, 3975. సగటు 4430.
రెండోది: 4290, 4430, 4485, 4285. సగటు 4372.5.
మూడోది: 3980, 3925, 3645, 3760. సగటు 3827.5.
నాలుగోది: 3300, 3685, 3463, 5200. సగటు 3912.
అయిదోది: 5100, 4635, 5100, 5450. సగటు సుమారు 5071.

హద్దులను లెక్కకట్టే విధానం కష్టమైనది కాదు. నేటి చేతిపుస్తకాలలోని పద్ధతి ప్రకారం మొదట ప్రతి ఉపసమూహంలోనూ గరిష్ఠ విలువనుంచి కనిష్ఠ విలువను తీసివేసి వ్యాప్తిని కనుక్కోవాలి. మొదటి సమూహం వ్యాప్తి 5045 - 3975, అంటే 1070. మొత్తం 51 సమూహాలకూ సగటు వ్యాప్తి సుమారు 659. మొత్తం కొలతల సగటు సుమారు 4498. నాలుగేసి కొలతల సమూహాలకు వాడే స్థిరసంఖ్య 0.729. దానితో సగటు వ్యాప్తిని గుణిస్తే సుమారు 480 వస్తుంది. ఈ 480 సమూహాల సగటులకుండే ప్రామాణిక విచలనానికి మూడు రెట్లు. దాన్ని 4498కి కలిపితే పై హద్దు 4978, తీసివేస్తే కింది హద్దు 4018.

ఇప్పుడు పై అయిదు సగటులను చూస్తే మొదటి రెండూ హద్దుల లోపల ఉన్నాయి. మూడోదీ నాలుగోదీ కింది హద్దుకు దిగువన పడ్డాయి. అయిదోది పై హద్దును దాటింది. యాదృచ్ఛిక కారణాలే పనిచేస్తుంటే తొలి అయిదింటిలో మూడు సగటులు హద్దు దాటడం దాదాపు అసంభవం. ఇక్కడ ప్రత్యేక కారణం కోసం వెతకాలని పటం చెబుతోంది.

నాలుగో సమూహం మరింత నిశితంగా చూడవలసినది. దాని వ్యాప్తి 5200 - 3300, అంటే 1900. వ్యాప్తులకు కూడా ఒక పటం ఉంటుంది. నాలుగేసి కొలతల సమూహాలకు దాని పై హద్దు సగటు వ్యాప్తికి 2.282 రెట్లు, అంటే సుమారు 1503. 1900 దాన్ని దాటిపోయింది. కారణం కొలతల వరుసలోనే కనిపిస్తుంది. మూడో సమూహం మొదలుకొని వరుసగా ఏడు కొలతలు 4000కు లోపలే ఉన్నాయి. ఎనిమిదోది, అంటే నాలుగో సమూహంలోని చివరి కొలత, ఒక్కసారిగా 5200కు ఎగబాకింది. ఆ తరువాతి నాలుగూ 4600కు పైనే ఉన్నాయి. అంటే మార్పు నాలుగో సమూహం నడుమనే జరిగింది. సగటు పటం ఏదో జరిగిందని మాత్రమే చెబితే, వ్యాప్తి పటం ఎక్కడ జరిగిందో చెప్పింది. కారణాన్ని వెతికేవాడికి ఈ రెండో సమాచారం మరింత అవసరం. 15వ, 16వ కొలతల మధ్య ఏది మారిందని అడగడం సులభం. ఈ మధ్య సరుకు ఎందుకు బాగోలేదని అడిగితే సమాధానం దొరకదు.

షూహార్ట్ చెప్పిన దాని ప్రకారం ఈ పటం చూశాక పరిశోధన జరిపి, హెచ్చుతగ్గులకు కొన్ని కారణాలను కనిపెట్టి తొలగించారు. తరువాత తీసిన కొలతలలో చుక్కలన్నీ హద్దుల లోపలే నిలిచాయి. ఆ దశలో ఇంకా వెతకడం లాభసాటి కాదని పటం సూచించింది. అయినా ఆ పనికున్న ప్రాముఖ్యం వల్ల వెతుకులాట కొనసాగించారు. కొత్త కారణాలేవీ దొరకలేదు. పటం వెతకమన్నప్పుడు దొరికాయి, వద్దన్నప్పుడు దొరకలేదు. ఈ పద్ధతికి షూహార్ట్ చూపిన రుజువు సూత్రాల మీద కన్నా ఇటువంటి అనుభవం మీదనే ఎక్కువగా ఆధారపడింది.

4. హద్దులు ఎక్కడినుంచి రావాలి?

పై లెక్కలో సులభంగా కంటికి ఆనని ఒక అంశం ఉంది. హద్దులను సమూహాల లోపలి వ్యాప్తినుంచే లెక్కకట్టారు. సమూహాల మధ్య ఉన్న తేడాలు అందులో చేరలేదు. ఇది యాదృచ్ఛికంగా జరిగింది కాదు. వెంటవెంటనే తీసిన నాలుగు కొలతల మధ్య ప్రత్యేక కారణం చొరబడే అవకాశం తక్కువ. కనుక వాటి మధ్య తేడా సాధారణ కారణాల పరిమాణాన్ని తెలుపుతుంది. ఆ కొలబద్దతో సమూహాల మధ్య తేడాలను తూచడమే ఈ పటం చేసే పని.

గణాంకశాస్త్రం కొద్దిగా తెలిసినవారు ఇక్కడే పొరపడతారు. కొలతలన్నింటినీ కలగలిపి ఒకే ప్రామాణిక విచలనాన్ని కట్టి, దానితో హద్దులు గీస్తారు. పైన ఇచ్చిన 20 కొలతలకే ఆ పని చేసి చూడవచ్చు. వాటి సగటు సుమారు 4323, ప్రామాణిక విచలనం సుమారు 619. నాలుగేసి కొలతల సగటులకు అది సగమవుతుంది. దానికి మూడు రెట్లు సుమారు 928. అప్పుడు హద్దులు 3395, 5251 అవుతాయి. అయిదు సగటులూ వాటి లోపల హాయిగా ఇమిడిపోతాయి. అదే 20 కొలతలకు సమూహాల లోపలి సగటు వ్యాప్తిని, అంటే 864ను వాడితే హద్దులు సుమారు 3693, 4953 అవుతాయి. అప్పుడు అయిదో సగటు హద్దు దాటినట్లు తెలుస్తుంది.

మొదటి లెక్కలో కూడికలు, గుణకారాలు అన్నీ సరైనవే. తప్పంతా దాని వెనుక ఉన్న ఊహలో ఉంది. కొలతలన్నీ ఒకే స్థిరమైన వ్యవస్థనుంచి వచ్చాయని ముందే ఒప్పుకుంటే తప్ప వాటన్నిటికీ ఒకే ప్రామాణిక విచలనం అనే మాటకు అర్థం లేదు. తేల్చవలసిన విషయమే అది. ప్రత్యేక కారణం కలిగించిన తేడాలను కూడా హద్దులలో కలిపేస్తే, దొంగనే కాపలా పెట్టినట్లవుతుంది.

దీనికి మరోవైపు కూడా ఉంది. ఉపసమూహాన్ని ఏర్పరచడంలో వివేచన లేకపోతే లోపలి వ్యాప్తి కూడా మోసం చేస్తుంది. నాలుగు వేర్వేరు యంత్రాలనుంచి ఒక్కొక్క వస్తువు తీసి ఒక సమూహం చేస్తే, యంత్రాల మధ్య తేడా మొత్తం సమూహం లోపలికి చేరుతుంది. హద్దులు విశాలమవుతాయి. చుక్కలు మధ్యగీతను అంటిపెట్టుకొని ఉంటాయి. అటువంటి పటం చూసి ఉత్పత్తి అద్భుతంగా ఉందని సంతోషించేవారు ఉన్నారు. నిజానికి చుక్కలు మరీ మధ్యలోనే ఉండడం సమూహాలు సరిగ్గా ఏర్పడలేదనడానికి గుర్తు.

5. మూడు రెట్లే ఎందుకు?

చుక్కలు సామాన్య విభాజనాన్ని అనుసరిస్తే, మూడు ప్రామాణిక విచలనాల హద్దులను కేవలం యాదృచ్ఛికంగా దాటే సంభావ్యత 0.27 శాతం. అంటే సగటున 370 చుక్కలకు ఒకటి. చాలా పాఠ్యగ్రంథాలు ఈ సంఖ్యతోనే హద్దులను సమర్థిస్తాయి. షూహార్ట్ సమర్థన అది కాదు. కార్ఖానాలో లభించే కొలతలు ఏ విభాజనాన్ని అనుసరిస్తాయో ముందుగా తెలియదని ఆయనకు తెలుసు. ఏ విభాజనానికైనా వర్తించే చెబిషెవ్ అసమానత ప్రకారం మూడు విచలనాల వెలుపల పడే భాగం తొమ్మిదో వంతుకు మించదు. ఆ హామీ ఉన్నా అది వదులైనది. అందుకే ఆయన అంకెలు రాసిన బిళ్లలను పాత్రలలో వేసి, నాలుగేసి చొప్పున తీసి ప్రయోగాలు చేశాడు. మూల విభాజనం సామాన్యం కాకపోయినా నాలుగింటి సగటులు ఈ హద్దులలో తగినంతగా ఇముడుతున్నాయని గమనించాడు. మూడు రెట్లు అనే గుణకాన్ని అనుభవంలో లాభసాటిగా తేలినందువల్లనే స్వీకరించాడు. ఆ గ్రంథం శీర్షికలోనే పొదుపు అనే అర్థమిచ్చే మాట ఉండడానికి కారణం ఇదే.

ఈ పొదుపుకు ఒక మూల్యం ఉంది. పెద్ద మార్పులను ఈ హద్దులు వెంటనే పట్టుకుంటాయి కాని, చిన్న మార్పుల విషయంలో అవి నెమ్మదివి. ఉత్పత్తి సగటు, చుక్కల ప్రామాణిక విచలనం అంత మేరకు జరిగితే దాన్ని కనిపెట్టడానికి సగటున 44 చుక్కలు పడతాయి. ఈ లోటును పూడ్చడానికి వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ 1956లో వెలువరించిన చేతిపుస్తకం మరికొన్ని సూచనలను చేర్చింది. మూడు చుక్కలలో రెండు ఒకే పక్కన రెండు విచలనాలను దాటడం, అయిదింటిలో నాలుగు ఒకే పక్కన ఒక విచలనాన్ని దాటడం, వరుసగా ఎనిమిది చుక్కలు మధ్యగీతకు ఒకే పక్కన పడడం అనేవి అవి.

సూచనలు ఎక్కువైన కొద్దీ రెండో తప్పు మళ్లీ తలెత్తుతుంది. ఈ నాలుగింటినీ కలిపి వాడితే స్థిరమైన ఉత్పత్తిలో కూడా సగటున 92 చుక్కలకు ఒకసారి అనవసరమైన హెచ్చరిక వస్తుందని 1987లో చాంప్, వుడాల్ లెక్కగట్టారు. 370 ఉన్నది 92 అయింది. ఏ నియమాలు వాడాలో పటం గీయకముందే నిశ్చయించుకోవాలి. పటం గీశాక చుక్కలలో ఏదో ఒక ఆకృతిని వెతికితే అది ఎప్పుడూ దొరుకుతుంది.

6. రెండు రకాల హద్దులు

నియంత్రణ హద్దులను నిర్దేశిత హద్దులతో కలగాపులగం చేయడం చిరకాలంగా ఉన్న అలవాటు. వస్తువు ఎలా ఉండాలో కొనుగోలుదారు లేదా రూపకర్త చెప్పేవి నిర్దేశిత హద్దులు. ఉత్పత్తి వ్యవస్థ ఎలా ఉందో దాని కొలతలే చెప్పేవి నియంత్రణ హద్దులు. మొదటివి కోరిక, రెండోవి వాస్తవం. పైగా నియంత్రణ పటంలో గుర్తించేవి సగటులు. నిర్దేశాలు వర్తించేది విడి వస్తువులకు. సగటుల పటం మీద నిర్దేశిత హద్దులు గీస్తే, వస్తువులు దాటుతున్నా సగటులు దాటనందున అంతా సవ్యంగా ఉన్నట్లు కనిపిస్తుంది.

ఈ భేదం తెలిస్తేనే స్థిరంగా ఉన్న వ్యవస్థ కూడా చెడ్డ సరుకును తయారుచేయగలదని బోధపడుతుంది. అప్పుడు చెడిన ప్రతి వస్తువుకూ ఒక పనివాణ్ని సంజాయిషీ అడగడం న్యాయం కాదు. ఆ చెడుగు వ్యవస్థలోనిది. ఆ రోజు ఆ యంత్రం దగ్గర ఎవరున్నా అంతే జరిగేది.

7. భారతదేశంలో

ఈ పద్ధతి భారతదేశానికి చేరడంలో షూహార్ట్‌కు ప్రత్యక్ష సంబంధం ఉంది. ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఆహ్వానం మీద ఆయన 1947-48లో ఇక్కడికి వచ్చి, సమావేశాలలో పాల్గొని, పరిశ్రమలను సందర్శించాడు. తరువాత భారతీయ గణాంక సంస్థ దేశంలోని వివిధ నగరాలలో గణాంక నాణ్యతా నియంత్రణ కేంద్రాలను నెలకొల్పింది. హైదరాబాదులోనూ అటువంటి కేంద్రం ఉంది. తెలుగు ప్రాంతపు పరిశ్రమలకు ఈ పటం పరిచయమైన ప్రధాన మార్గాలలో అది ఒకటి.

8. ముగింపు

నియంత్రణ పటాన్ని చదవడం అంటే చుక్క గీత దాటిందా లేదా అని చూడడం మాత్రమే కాదు. ఆ గీతను ఏ కొలతల మధ్య తేడాలనుంచి లెక్కకట్టారు, ఆ కొలతలను ఏ ప్రాతిపదికన సమూహాలుగా చేశారు, ఎన్ని నియమాలను ముందే నిశ్చయించుకున్నారు అనే ప్రశ్నలు దానికి ముందు రావాలి. షూహార్ట్ ఇచ్చిన 204 కొలతలలో తొలి 20 కొలతలే ఒక లెక్కలో ఏ మార్పూ లేనట్లు, మరొక లెక్కలో మార్పు జరిగినట్లు చూపించాయి. కొలతలు మారలేదు, గుణకం మూడూ మారలేదు. మారినదల్లా సాధారణమైన తేడా అనేదాన్ని దేనినుంచి కొలిచారన్నదే. హద్దు లోపలి చుక్కకు కారణం అడగకపోవడం, హద్దు దాటిన చుక్కకు కారణం వెతకకుండా వదలకపోవడం అనే రెండు నిగ్రహాలు ఆ కొలత సరిగ్గా జరిగినప్పుడే ఫలిస్తాయి.